ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నవాళ్ల కోసం ఒక ప్రార్థన

(హైదరాబాద్ నల్లకుంటలో ఒక అపార్ట్‌మెంట్ సత్సంగంలో చేసిన ప్రసంగం. మాట్లాడినవారు గుండె ఆపరేషన్ల థియేటర్‌లో చాలాకాలం నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. రికార్డింగ్ నుంచి రాసుకున్నది.)

అందరికీ నమస్కారం.

ఈ సత్సంగంలోనే ఒకరు నన్ను అడిగారు. "అమ్మకి ఆపరేషన్ జరుగుతుంటే బయట కూర్చుని ఏం చదవాలి సిస్టర్? లలితా చదవనా, చాలీసా చదవనా?" అని. నోటికి వచ్చింది ఏదైనా చదవండి అన్నాను. పుస్తకం చూసి చదవడం ఆ రోజు కుదరదు. కళ్లు అక్షరాల మీద ఉంటాయి, చెవులు తలుపు దగ్గర ఉంటాయి. ఒకే పేజీ నాలుగుసార్లు తిప్పి, నాలుగోసారి కూడా ఏం చదివామో తెలియక, దేవుడి పని కూడా సరిగా చేయలేకపోయానని ఏడ్చినవాళ్లను చూశాను. అందుకని ఇవాళ చిన్న ప్రార్థన ఒకటి చెప్తాను. మొత్తం ఒకేసారి చదివేది కాదు. లోపల పని ఎలా నడుస్తుందో దాన్ని బట్టి బయట కొంచెం కొంచెంగా చెప్పుకునేది. లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు కాబట్టి అదీ చెప్తాను. బయట కూర్చున్నవాళ్ల భయంలో చాలా భాగం గడియారాన్ని చూసి పుట్టేదే.

నాకు బాగా కావలసిన కుటుంబం ఒకటి కూకట్‌పల్లిలో ఉంది. నాన్నగారికి 68 ఏళ్లు. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాలు మూడూ మూసుకుపోయాయని బైపాస్ చేయాలన్నారు. కొడుకు బయటి దేశంలో ఉన్నాడు. కూతురు ఒక్కతే. ఆ రోజు నేను ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను.

పొద్దున ఏడున్నరకి స్ట్రెచర్ కదిలింది. థియేటర్ తలుపు దగ్గర వార్డు సిస్టర్ ఒక ప్లాస్టిక్ కవరు ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. అందులో ఆయన పళ్ల సెట్టు, కళ్లజోడు, ఉంగరం, మొలతాడు, మణికట్టుకున్న కాశీ తాడు. ఆ కాశీ తాడు చూడగానే అమ్మాయి బెదిరిపోయింది. "దేవుడి తాడు తీసేశారేంటి ఆంటీ, కనీసం అదైనా ఉంచొచ్చుగా" అంది. దీనికి కారణం ఉందమ్మా. రక్తం ఆగడానికి కరెంటుతో కాల్చే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే అక్కడ చర్మం కాలే ప్రమాదం ఉంది. తాడులో మురికి ఉంటుంది, అదే చేతికి సూదులు పెట్టాలి. పళ్ల సెట్టు ఊడి గొంతులోకి జారకూడదు. తాళి తీయమన్నా, తాయెత్తు తీయమన్నా, గాజులు తీయమన్నా ఇంతే. అపశకునం ఏమీ లేదు. తీసినవి మీ దగ్గర పెట్టుకోండి. ఆ కవరును పట్టుకుని చెప్పుకునేదే ప్రార్థనలో మొదటి ముక్క.

"స్వామీ, ఇంతసేపూ నాన్న చెయ్యి నా చేతిలో ఉంది. ఇప్పుడు వదిలాను. నేను రాలేని చోటికి నాన్న వెళ్లాడు. నువ్వు వెళ్లగలవు, వెళ్లి పక్కన నిలబడు. నాకు భయంగా ఉంది. నీ దగ్గర దాచడానికి ఏమీ లేదు. నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టు."

భయంగా ఉందని చెప్పమంటున్నాను, గమనించండి. చాలామంది అక్కడ ధైర్యం నటిస్తారు, దేవుడి ముందు కూడా. మన పోతనగారి గజేంద్రుడు ఏమన్నాడు? "లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె" అన్నాడు. ఒంట్లో బలం లేదు, ధైర్యం చెదిరిపోయింది అని ఉన్నదున్నట్టు చెప్పాడు. పిలుపు ఆ తర్వాత వచ్చింది. మనకీ అదే వరస. ముందు ఉన్నది చెప్పుకోవాలి.

అమ్మ కోసమైతే అమ్మ అని, దేవుడిని మీరు ఎలా పిలుచుకుంటే అలా చెప్పుకోండి. ఆ హాల్లో మాకు ఎదురుగా ఒక పెద్దాయన తస్బీ తిప్పుతూ "యా షాఫీ, యా షాఫీ" అంటున్నాడు, బాగుచేసేవాడా అని. ఇటుపక్క ఒకావిడ ఒళ్లో బైబిలు పెట్టుకుంది, 121వ కీర్తన. కాపాడేవాడు కునుకడు, నిద్రపోడు అని అందులో ఉంటుంది. మన ఊళ్లో ఏ ఆసుపత్రిలోనైనా ఆ కుర్చీల వరస ఇలాగే ఉంటుంది.

ఇక లోపలికి వెళ్దాం. ఏడున్నరకి తీసుకెళ్లారు కదా, ఏడు ముప్పావుకి కోత మొదలైందని బయటివాళ్లు అనుకుంటారు. అలా జరగదు. బైపాస్‌లో మొదటి గంట దాదాపుగా మత్తు డాక్టరుదే. చేతి నాడి దగ్గర ఒక సన్న గొట్టం పెడతారు, బీపీ క్షణక్షణం తెర మీద కనపడడానికి. మెడ దగ్గర పెద్ద రక్తనాళంలో ఇంకోటి. మత్తిచ్చి, గొంతులో ట్యూబు వేసి, ఊపిరి మెషీనుకి కలుపుతారు. మూత్రానికి గొట్టం, ఛాతీ నుంచి కాలి దాకా మందుతో శుభ్రం చేయడం, గుడ్డలు కప్పడం, ఇవన్నీ అయ్యాకే కత్తి. కోసే ముందు ఒక నిమిషం అందరూ చేతులాపుతారు. పేషెంటు పేరు, చేయబోయే ఆపరేషన్, ఎక్కడ చేయాలి అన్నది బిగ్గరగా చెప్పుకుంటారు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన చెక్‌లిస్టులో అది ఒక మెట్టు. మీ నాన్న పేరు ఆ గదిలో అందరి చెవినా పడుతుందన్నమాట. ఇది చెప్తే ఆ అమ్మాయి ముఖం తేటపడింది. "నాన్న పేరు పెట్టి చెప్తారా?" అని మళ్లీ అడిగింది.

మత్తు డాక్టర్ గురించి ఒక మాట చెప్పాలి. బయటివాళ్లకి సర్జన్ పేరు తెలుస్తుంది, ఈయన పేరు తెలియదు. కానీ మొదటి నుంచి చివరి దాకా తల దగ్గర కదలకుండా ఉండేది ఈ మనిషే. ఈ పనికి మన హైదరాబాదులో పాత చరిత్ర ఉంది. క్లోరోఫాం మత్తుతో మనుషులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లో, 1889లో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. ఆరో నిజాం హయాంలో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో. క్లోరోఫాం నేరుగా గుండెను దెబ్బతీయదని వాళ్లు చెప్పినది తర్వాత నిలబడలేదు. కానీ మత్తిచ్చినంతసేపూ ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలని లారీ పట్టుబట్టాడు. ఆయన దగ్గర నేర్చుకుని మత్తు ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెప్పుకుంటారు. మన ఊరి ఆవిడ. అందుకని రెండో ముక్క ఇలా చెప్పుకుందాం.

"స్వామీ, నాన్న ఊపిరి ఇప్పుడు నాన్న చేతిలో లేదు. దాన్ని కనిపెట్టుకుని కూర్చున్న మనిషి కళ్లు అలసిపోకుండా చూడు. కోసే చెయ్యి, కుట్టే చెయ్యి, దారం అందించే చెయ్యి, గుడ్డముక్కలు లెక్కపెట్టే చెయ్యి, అన్నిటికీ తోడుండు. ఇవాళ వాళ్ల ఇళ్లలో ఏ కష్టమూ రాకుండా చూడు, వాళ్ల మనసు ఇక్కడే ఉంటుంది."

గుడ్డముక్కల లెక్క అన్నది ఊరికే పెట్టలేదు. లోపల వాడిన ప్రతి గుడ్డముక్కనీ, సూదినీ, పరికరాన్నీ మొదట ఒకసారి, మూసే ముందు మళ్లీ ఒకసారి లెక్కపెడతారు. లెక్క తేలకపోతే వెతుకుతారు, అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. ఆ కొంచెం ఆలస్యం మీ నాన్న మంచికే.

పదకొండు దాటాక హాల్లో మైకులో పేరు పిలిచారు. ఒక యూనిట్ బ్లడ్ తీసుకురావాలి, కాగితం తీసుకోండి అన్నారు. ఆ అమ్మాయి లేచి నిలబడింది, కాళ్లు వణికాయి. "బ్లడ్ అంటున్నారంటే ఏదో అయింది ఆంటీ." ఏమీ కాలేదు తల్లీ. గుండె ఆపరేషన్‌లో రక్తం ఎక్కించడం మామూలే. ముందే దాతలతో ఇప్పించి సిద్ధం చేసుకునేది అందుకే. కానీ చూడండి, ఆ కాగితం తీసుకుని బ్లడ్ బ్యాంకుకి ఎవరో ఒకరు గబగబా నడవాలి. ఆ అమ్మాయి ముందు రోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు, నాన్న బయటికి వచ్చేదాకా ఉపవాసం అని మొక్కుకుంది. మీలో షుగరు, బీపీ ఉన్నవాళ్లు దయచేసి అలా చేయకండి. బయట ఉన్నవాళ్లు కళ్లు తిరిగి పడితే సంతకం పెట్టేవాళ్లు ఉండరు. నేను రెండు ఇడ్లీలు దగ్గరుండి తినిపించి పంపాను.

మొక్కుల సంగతి కూడా ఇక్కడే చెప్తాను. నేను మొక్కులకి వ్యతిరేకిని కాదు. చిలుకూరులో కోరుకున్నప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108 చేయని ఇల్లు మన దగ్గర తక్కువ. ఇంటి దగ్గర మొక్కుకుని బయల్దేరండి, మంచిదే. కానీ ఆ హాల్లో కూర్చుని గంట గంటకీ మొక్కు పెంచుకుంటూ పోకండి. పది గంటలకి కొబ్బరికాయ, పన్నెండుకి తలనీలాలు, ఒంటిగంటకి ఒంటి మీది బంగారమంతా. అలా వెళ్తే మనసు బేరంలో పడిపోతుంది. దేవుడు ఎంతకి ఒప్పుకుంటాడో అని లెక్కలు వేస్తుంది. ఏదైనా తేడా వస్తే "నేను తక్కువ మొక్కుకున్నాను, అందుకే" అని జీవితాంతం తమను తాము తిట్టుకున్న పిల్లలున్నారు. తండ్రి పోయిన దుఃఖానికి తోడు ఆ భారం కూడా. అది ఎవరికీ వద్దు.

ప్రార్థన మీద అమెరికాలో పెద్ద పరిశోధన ఒకటి జరిగింది, అదీ బైపాస్ పేషెంట్ల మీదే. 2006లో ఫలితాలు వచ్చాయి. ఆరు ఆసుపత్రుల్లో 1,802 మంది. కొందరి కోసం తెలియనివాళ్లు ప్రార్థించారు, కొందరి కోసం ప్రార్థించలేదు. ఆ ప్రార్థన వల్ల ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు తగ్గలేదు. మీ కోసం ప్రార్థిస్తున్నామని ఖాయంగా చెప్పిన గుంపులో ఇబ్బందులు కొంచెం ఎక్కువే కనిపించాయి, 59 శాతం మందికి. ప్రార్థించొచ్చు, ప్రార్థించకపోవచ్చు అని మాత్రమే చెప్పిన మిగతా రెండు గుంపుల్లో 51, 52 శాతం. ఎందుకలా అన్నది తేలలేదు. ఇది మీ ముందు దాచడం నాకిష్టం లేదు. భక్తి ఉన్నదాన్నే, రోజూ దీపం పెట్టుకునేదాన్నే. దీన్నుంచి నేను తీసుకున్నది ఏమిటంటే, స్ట్రెచర్ మీద ఉన్న మనిషి దగ్గర ప్రార్థనల హడావిడి చేయకూడదు. "నీ కోసం ఊరంతా పూజలు చేస్తున్నారు నాన్నా" అంటే, ఆయనకి "నా పరిస్థితి అంత బాలేదా?" అనిపించొచ్చు. "నేను ఇక్కడే ఉంటాను, లేచేసరికి కనిపిస్తాను" అనండి చాలు. ప్రార్థన మీ కోసం, మీరు దేవుడి దగ్గర కూర్చోవడం కోసం. ఆ కూర్చోవడానికి ఎన్ని శాతమో కొలిచే పరిశోధన లేదు, నాకు అక్కర్లేదు కూడా.

ఒంటిగంట అయింది. నాలుగైదు గంటలు పడుతుందని చెప్పారు, ఐదున్నర గంటలు దాటిపోయాయి. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. లోపల అప్పటికి ఏం జరిగి ఉంటుంది? కాలి నుంచి సిరను, ఛాతీ గోడ లోపలి నుంచి ధమనిని తీసి సిద్ధం చేస్తారు. కొన్నిసార్లు గుండెను ఆపి, రక్తాన్ని మెషీను ద్వారా తిప్పుతూ కుడతారు. మన దేశంలో గుండె కొట్టుకుంటుండగానే కుట్టే పద్ధతి కూడా బాగా వాడుకలో ఉంది. కుట్లు అయిపోయినా పని అవ్వదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందుకి విరుగుడు ఇస్తారు. ప్రతి కుట్టు దగ్గరా రక్తం ఆగిందా అని ఓపిగ్గా చూస్తారు. ఛాతీ ఎముకను స్టీలు తీగలతో కడతారు, గొట్టాలు పెడతారు, కుడతారు. దీనికే గంట పట్టొచ్చు. ఆ తర్వాత ఐసీయూలో బెడ్డు సిద్ధంగా ఉందో లేదో చూసుకోవాలి. ఎప్పుడో అయిపోయిన ఆపరేషన్, బెడ్డు కోసం ఆగిన రోజులు ఎన్నో ఉన్నాయి. ఒక్కోసారి నిజంగానే లోపల ఇబ్బంది వస్తుంది, దాన్ని సరిచేయడానికి టైము పడుతుంది. బయట నుంచి ఏది ఏదో పోల్చుకోలేం. చేయాలనుకున్నది మార్చాల్సి వస్తే మిమ్మల్ని పిలుస్తారు, చెప్తారు, సంతకం అడుగుతారు. పిలవలేదంటే అనుకున్న పనే సాగుతూ ఉండడానికి అవకాశం ఎక్కువ. రెండు గంటలకోసారి కౌంటర్ దగ్గరికి వెళ్లి "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడగడం మీ హక్కు, మొహమాటం వద్దు. బంధువుల ఫోన్లు మాత్రం ఇంకొకరికి అప్పగించండి. "ఇంకా రాలేదా? ఇంతసేపా?" అని పదిమంది పదిసార్లు అడిగితే మీ గుండె ఆగుతుంది.

ఆ వేళ చెప్పుకునేది ఇది. చాలా చిన్నది, కావాలనే.

"స్వామీ, చెప్పిన టైము దాటింది. లోపల ఏం జరుగుతోందో నాకు తెలియదు, నీకు తెలుసు. తెలియనిదాన్ని చెడ్డదిగా ఊహించుకోకుండా నా మనసును పట్టుకో."

ఇది కూడా రాకపోతే ఒక్క పేరు చాలు. విష్ణుసహస్రనామం చివర్లో ఉంది కదా, ఘోరమైన వ్యాధుల్లో ఉన్నవాళ్లు, భయపడినవాళ్లు నారాయణ అనే మాట ఒక్కటి పలికినా చాలని. ముక్కుతో ఊపిరి తీసుకోండి. వదిలేటప్పుడు "నారాయణా" అని మెల్లిగా, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలండి. ఊపిరి నిదానంగా వదిలితే గుండె దడ కొంత నెమ్మదిస్తుంది, అది ఒంటి తీరు. రెండు కాళ్లూ నేల మీద ఆనించండి. ఆ అమ్మాయి అలా చేస్తూ చేస్తూ నా భుజం మీద కాసేపు కునుకు తీసింది. దానికి తప్పుగా అనుకుంది తర్వాత. మేలుకునే ఉండాల్సినవాళ్లు లోపల ఉన్నారు, నువ్వు నిద్రపోతే నాన్నకి ఏ లోటూ లేదు అని చెప్పాను.

రెండింటికి సర్జన్ బయటికి వచ్చారు. ఆయన కనిపించగానే అందరూ మీద పడతారు, ఎవరికీ సగం మాటలు వినపడవు. ఆ అడుగు పడేలోపు చెప్పుకునే ముక్క:

"స్వామీ, ఏ మాట చెప్పినా పూర్తిగా వినే ఓపిక ఇవ్వు. మంచిదైతే నీకు దండం. కష్టమైనదైతే, నా పక్కనుంచి లేవకు."

ఇందులో కష్టమైనది అన్న మాట ఎందుకు సిస్టర్, అశుభం కదా, తథాస్తు దేవతలు ఉంటారు కదా అని ఒకావిడ అడిగారు. అమ్మా, ఆ మాట మీ గుండెలో పొద్దుటి నుంచే ఉంది. దాన్ని దేవుడికి చెప్పకుండా లోపల పెట్టుకుంటే ఒంటరిగా మోయాలి. అన్ని ఆపరేషన్లూ అనుకున్నట్టు జరగవు. బైపాస్ అయ్యాక రక్తం ఎక్కువ కారుతుంటే కొందరిని అదే రాత్రి మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి చూడాల్సి వస్తుంది. కొందరు మళ్లీ రారు. ఆ ఇళ్ల పిల్లలకి కూడా పనికొచ్చే ప్రార్థనే నాకు కావాలి. గెలిచినవాళ్లకి మాత్రమే పనికొచ్చేది వద్దు.

ఆ రోజు సర్జన్ మూడు నాళాలూ వేశాం, ప్రస్తుతానికి నిలకడగా ఉన్నారు, ఈ రాత్రి ముఖ్యం అన్నారు. నిలకడగా అంటే ప్రమాదం పూర్తిగా తప్పిందని కాదు, ప్రస్తుతం బీపీ, గుండె, ఊపిరి అదుపులో ఉన్నాయని. అడగాల్సినవి అడిగింది ఆ అమ్మాయి. అనుకున్నదంతా చేశారా, ఏమైనా ఇబ్బంది వచ్చిందా, ఎప్పుడు చూడొచ్చు అని.

మూడున్నరకి ఐసీయూలోకి ఒక్కరినే పంపారు. దీనికి మీరు ముందే సిద్ధపడాలి, ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నాను. మొహం ఉబ్బి ఉంటుంది. ఒళ్లు ముట్టుకుంటే చల్లగా ఉండొచ్చు. నోట్లో ట్యూబు, మెషీను శబ్దం, మంచం పక్కన డబ్బాలో ఎర్రటి నీరు. మత్తులో ట్యూబు లాగేసుకోకుండా చేతులు మెత్తటి కట్టుతో మంచానికి కట్టి ఉండొచ్చు. ఆయన్ని హింస పెట్టారని అనుకోకండి. సాధారణంగా కొన్ని గంటల్లో, మెలకువ వచ్చి సొంతంగా ఊపిరి తీసుకుంటున్నారని రూఢి చేసుకుని ట్యూబు తీస్తారు. అప్పటిదాకా గొంతులోంచి మాట రాదు. "నాన్నా మాట్లాడు" అని అడగకండి, ఆయన కంగారు పడతారు. చేతులు కడుక్కుని, చెవి దగ్గరగా వెళ్లి మీ పేరు చెప్పండి. ఆపరేషన్ అయిపోయింది, ఇప్పుడు ఐసీయూలో ఉన్నావు, నేను బయటే ఉన్నాను అని చెప్పండి. నొప్పి ఉంటే చెయ్యి నొక్కమనండి. నొక్కితే సిస్టర్‌కి చెప్పండి, మందు ఇస్తారు.

తర్వాత బయటికి వచ్చి అన్నం తినండి. ఐసీయూ బయట రాత్రికి ఎవరుండాలో, తెల్లవారాక ఎవరు మారాలో అక్కడే మాట్లాడుకోండి. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోండి, రాత్రి పిలుపు వస్తే ఆ నంబరుకే వస్తుంది. ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద రాసి తెచ్చాను, వెళ్లేటప్పుడు కావాల్సినవాళ్లు తీసుకోండి. నమస్కారం.